సండేస్కూల్ టీచర్ల గైడ్, 7వ వారం: పోయిన నాణెం

వాక్యభాగం: లూకా 15:8-10
కంఠత వాక్యం: "నశించినదానిని వెదకి రక్షించుటకు మనుష్యకుమారుడు వచ్చెను" (లూకా 19:10). బడికి వెళ్లని చిన్నవాళ్లకు "వెదకి రక్షించుటకు" వరకు వస్తే చాలు.
పిల్లలు: 4 నుంచి 12 ఏళ్లు, అందరూ ఒకే గదిలో
సమయం: గంట
కావలసినవి: టార్చిలైటు, చీపురు, అట్ట, అల్యూమినియం ఫాయిల్, దారం, జిగురు, కత్తెర

టీచర్ ముందుగా చదువుకోవాల్సింది

లూకా 15లో మూడు ఉపమానాలు వరుసగా వస్తాయి. నూరింటిలో ఒక గొర్రె, పదింటిలో ఒక నాణెం, ఇద్దరిలో ఒక కొడుకు. సుంకరులు, పాపులు యేసు దగ్గరికి వస్తుంటే పరిసయ్యులు, శాస్త్రులు సణుక్కున్నారు. వాళ్లకు జవాబుగా ఆయన చెప్పిన కథలివి.

గొర్రె తప్పిపోతే అరుస్తుంది. కొడుకు బుద్ధి వచ్చి తనంతట తానే లేచి వచ్చాడు. నాణెం ఆ రెండూ చేయలేదు. పైగా అది పోయింది బయట ఎక్కడో కాదు, ఇంట్లోనే. మన క్లాసులోనూ అలాంటి పిల్లలు ఉంటారు. ప్రతి ఆదివారం వస్తారు, అల్లరి చేయరు, ఏదీ అడగరు. వాళ్లు బాగానే ఉన్నారని మనం అనుకుంటాం. ఈ వారం సిద్ధపడేటప్పుడు అలాంటి ఒక్కరి పేరు పెట్టి ప్రార్థన చేయండి.

వెతుకులాట (10 నిమిషాలు)

పిల్లలు రాకముందే ఫాయిల్ చుట్టిన పది అట్టనాణేలు దాచండి. తొమ్మిది తేలిగ్గా దొరికే చోట, ఒకటి చాప కింద. పెద్దవాళ్లకు ఒక్కొక్క చిన్నవాణ్ణి జత చేయండి. పెద్దవాళ్లు వెతకకూడదు, లైటు పట్టుకోవాలి లేదా చాప ఎత్తాలి. వెతికేది చిన్నవాళ్లే. లేకపోతే పన్నెండేళ్లవాళ్లు రెండు నిమిషాల్లో ఆట ముగించేస్తారు. పదోది దొరక్క పిల్లలు విసుక్కున్నా టెన్షన్ పడి చూపించేయకండి. ఆ విసుగు కథకు పనికొస్తుంది. దొరికాక అందరూ చప్పట్లు కొట్టాలి.

కథ (15 నిమిషాలు)

గదిలో వెలుతురు తగ్గించి, చీపురు చేతిలో పట్టుకుని చెప్పండి:

"ఒక అమ్మ దగ్గర పది వెండి నాణేలున్నాయి. ఒక్కో నాణెం దాదాపు ఒక రోజు కూలి. ఒకసారి లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది! మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే! 'తొమ్మిది ఉన్నాయిగా, పోతే పోయింది' అందా? అనలేదు. ఇల్లంతా చీకటి. నూనె దీపం వెలిగించింది. చీపురు తీసుకుంది. ఈ మూల ఊడ్చింది, లేదు. ఆ మూల ఊడ్చింది, లేదు. దొరికేవరకూ ఆపలేదు. చివరికి ఏదో తళుక్కుమంది! ఇరుగుపొరుగువాళ్లను పిలిచి, 'నా నాణెం దొరికింది, నాతో కలిసి సంతోషించండి' అంది. ఒక్కరు దేవుని వైపు తిరిగినా ఆయన దూతల ఎదుట అలాగే సంతోషం కలుగుతుందని యేసయ్య చెప్పాడు."

"లేదు" అన్నప్పుడల్లా చిన్నవాళ్లు తల అడ్డంగా ఊపాలి. పెద్దవాళ్లను ఇలా అడగండి: తొమ్మిది ఉండగా ఆ ఒక్కదాని కోసం అంత కష్టం ఎందుకు? మట్టిలో పడి ఉన్నంతసేపు ఆ నాణెం విలువ తగ్గిందా? జవాబు మీరు అందించకండి, కాసేపు మౌనంగా ఉన్నా ఫర్వాలేదు.

క్రాఫ్ట్: నా పేరున్న నాణెం (20 నిమిషాలు)

అరచేతి అంత గుండ్రటి అట్టముక్కలు ముందే కత్తిరించి తెండి. చిన్నవాళ్లు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి అసలు నాణేలు వాడొద్దు. అట్ట మీద పిల్లల పేరులోని మొదటి అక్షరాన్ని జిగురుతో రాసి, దాని మీద దారం అతికించాలి. జిగురు కొంచెం ఆరాక పైన ఫాయిల్ చుట్టి, వేలితో మెల్లగా రుద్దితే అక్షరం పైకి తేలుతుంది. గట్టిగా రుద్దితే ఫాయిల్ చిరుగుతుంది, ముందే చెప్పండి. దారం అతికించడంలో చిన్నవాళ్లకు పెద్దవాళ్లు సాయం చేయాలి, రుద్దడం మాత్రం ఎవరిది వాళ్లే. వెనకవైపు కంఠత వాక్యం రాయించండి, రాయలేనివాళ్లకు మీరు రాసివ్వండి.

ఆ రోజు రాని పిల్లల పేర్లతో కూడా నాణేలు చేయించండి. "ఈరోజు ఎవరు రాలేదు?" అని పిల్లలనే అడగండి.

ప్రార్థన

నాణేలు చేతుల్లో పెట్టుకుని, మీరు ఒక్కో వాక్యం చెబుతుంటే పిల్లలు మళ్లీ చెప్పాలి.

యేసయ్యా, నా పేరు నీకు తెలుసు.
నేను కనబడకపోతే నన్ను వెతుకుతావు.
చీకట్లో ఉన్నా నన్ను చూస్తావు.
నేను తప్పు చేసినప్పుడు నన్ను క్షమించు.
ఈరోజు రాని మా స్నేహితులను కాపాడు.
వాళ్లను వెతికే మనసు మాకు ఇవ్వు.
నీ నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

క్లాసు అయ్యాక

రాని పిల్లల నాణేలు బుధవారంలోగా వాళ్ల ఇళ్లకు మీరే స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. ఎందుకు రాలేదని నిలదీయొద్దు. "నీ కోసం మన క్లాసు పిల్లలు చేశారమ్మా" అని చేతిలో పెట్టి, కాసేపు కూర్చుని రండి.