రష్యాలో జార్ పాలన పతనం: 1917 ఫిబ్రవరి విప్లవం

ప్రశ్న: 1917లో రష్యాలో జార్ చక్రవర్తి పాలన కూలిపోవడానికి దారితీసిన కారణాలను వివరించి, ఫిబ్రవరి విప్లవం సాగిన తీరును తెలపండి. (10 మార్కులు)

జవాబు:

రొమనోవ్ వంశం 1613 నుంచి రష్యాను ఏలింది. 1913లో మూడు వందల ఏళ్ల ఉత్సవాలు ఘనంగా జరుపుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు తిరిగేసరికి చివరి చక్రవర్తి రెండో నికోలస్ రైలు పెట్టెలో కూర్చుని సింహాసనం వదులుకుంటూ సంతకం పెట్టాడు. ఇది ఏ పార్టీ అయినా పథకం వేసి చేసిన పని కాదు. అప్పటికి లెనిన్ స్విట్జర్లాండ్‌లో, ట్రాట్‌స్కీ న్యూయార్క్‌లో, స్టాలిన్ సైబీరియాలో శిక్ష అనుభవిస్తూ ఉన్నారు. జార్‌కు అండగా ఉండాల్సిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు దూరమయ్యారు. అందులో చాలావరకు ఆయన స్వయంగా చేసుకున్నదే. రాజధానిలో రొట్టె కోసం జనం వీధిలోకి వచ్చిన రోజు, ఆయన్ని కాపాడటానికి సైన్యం కూడా మిగల్లేదు.

(తేదీల గురించి ఒక మాట: అప్పటి రష్యా పాత క్యాలెండర్ వాడేది. అది మన క్యాలెండర్ కంటే 13 రోజులు వెనుక ఉంటుంది. ఈ జవాబులో పాత తేదీలే రాసి, ముఖ్యమైన చోట కొత్త తేదీ కూడా ఇస్తున్నాను. మార్చిలో జరిగినదాన్ని ఫిబ్రవరి విప్లవం అనడానికి కారణం ఇదే.)

కారణాలు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రష్యా జనాభాలో సుమారు 85 శాతం మంది వ్యవసాయం మీదే బతికేవారు. 1861లో రెండో అలెగ్జాండర్ అర్ధబానిసత్వాన్ని రద్దు చేసినా, రైతుకు భూమి ఉచితంగా రాలేదు. తరతరాలుగా తాము దున్నుతున్న భూమికే 49 ఏళ్ల పాటు వాయిదాలు కట్టాలన్నారు. పైగా వాయిదాలకు ఊరంతా పూచీ. ‘మిర్’ అనే గ్రామ సమాజం అనుమతి లేకుండా రైతు ఊరు వదిలి వెళ్లడం కూడా కష్టమే. జనాభా పెరిగేకొద్దీ కమతాలు చిన్నవయ్యాయి. మంచి భూములు మాత్రం ప్రభువులు, చర్చి, రాజకుటుంబం చేతుల్లోనే ఉండిపోయాయి. కాబట్టి రష్యా రైతు అడిగింది ఒక్కటే: భూమి. ఆ కోరిక 1917 దాకా తీరలేదు.

1890లలో ఆర్థికమంత్రి విట్టే విదేశీ పెట్టుబడులతో రైల్వేలను, భారీ పరిశ్రమలను పెంచాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్, మాస్కోలలో వేల మంది ఒకే కప్పు కింద పనిచేసే ఫ్యాక్టరీలు వెలిశాయి. 1897 చట్టం పనిగంటలను రోజుకు పదకొండున్నరకు తగ్గించిందంటే అంతకుముందు పరిస్థితి ఊహించుకోవచ్చు. జీతాలు తక్కువ, ఇరుకు గదుల్లో కాపురం, సంఘం పెట్టుకునే హక్కు లేదు. ఇంతమంది కార్మికులు చక్రవర్తి కోటకు కూతవేటు దూరంలో ఒకేచోట ఉండటం తర్వాత నిర్ణాయకమైంది. రాజకీయ పార్టీలు రహస్యంగానే పుట్టాయి. 1898లో ఏర్పడిన సోషల్ డెమొక్రాటిక్ లేబర్ పార్టీ 1903లో బోల్షివిక్, మెన్షివిక్ వర్గాలుగా చీలింది. రైతుల తరఫున సోషలిస్ట్ రివల్యూషనరీలు పనిచేశారు.

అయినా సామాన్య జనానికి జార్ మీద ఒక నమ్మకం ఉండేది. అధికారులు చెడ్డవాళ్లు, చక్రవర్తి మాత్రం తండ్రిలాంటివాడు అనుకునేవారు. ఆ నమ్మకం 1905 జనవరి 9న పోయింది. ఆ ఆదివారం గపోన్ అనే మతగురువు వెంట కార్మికులు భార్యాబిడ్డలతో, జార్ చిత్రపటాలు పట్టుకుని, భక్తిగీతాలు పాడుతూ వింటర్ ప్యాలెస్ వైపు నడిచారు. వాళ్ల చేతిలో ఉన్నది ఒక వినతిపత్రం. ఆ సమయానికి జార్ ప్యాలెస్‌లో లేడు. సైనికులు కాల్పులు జరిపారు, వందమందికి పైగా చనిపోయారు. దీన్నే ‘రక్తసిక్త ఆదివారం’ అంటారు. నా దృష్టిలో జార్ పాలనకు అసలు దెబ్బ ఈ రోజే తగిలింది, 1917లో జరిగింది దాని కొనసాగింపు. అదే ఏడాది జపాన్ చేతిలో రష్యా ఓడిపోవడంతో దేశమంతా సమ్మెలు, రైతు తిరుగుబాట్లు లేచాయి. పొటెంకిన్ యుద్ధనౌకలో నావికులు తిరగబడ్డారు.

భయపడిన జార్ అక్టోబర్ ప్రకటనతో పౌరహక్కులు, డ్యూమా అనే ఎన్నికైన సభ ఇస్తానన్నాడు. మాట ఇచ్చాడేగానీ మనసు మార్చుకోలేదు. 1906 మౌలిక చట్టాల్లో తాను నిరంకుశ ప్రభువునేనని మళ్లీ రాయించుకున్నాడు. మొదటి డ్యూమాను రెండున్నర నెలల్లోపే రద్దు చేశాడు. రెండోదీ నాలుగు నెలలు నిలవలేదు. 1907లో ఓటు నిబంధనలు మార్చి, భూస్వాములు, ధనికులే ఎక్కువగా ఉండే సభను తెచ్చుకున్నాడు. విచిత్రమేమిటంటే, తనకు అనుకూలంగా ఉంటారని ఏరికోరి తెచ్చుకున్న ఆ వర్గమే చివరికి ఆయన్ని దిగిపొమ్మంది.

యుద్ధం, దర్బారు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు దేశభక్తి పొంగింది. జర్మన్ పేరులా వినిపిస్తోందని రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ పేరును పెట్రోగ్రాడ్‌గా మార్చారు. ఆ ఉత్సాహం జర్మనీ చేతిలో టానెన్‌బర్గ్ ఓటమితోనే చల్లారింది. 1915లో పోలండ్ మొత్తం చేజారింది. యుద్ధకాలంలో సుమారు కోటీ యాభై లక్షల మందిని సైన్యంలోకి తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది రైతులే, కొందరికి చేతిలో తుపాకీ కూడా లేదు. పొలాల్లో పనిచేసే మగవాళ్లు తగ్గారు. ఉన్న రైళ్లన్నీ యుద్ధరంగానికే తిరగడంతో దక్షిణాన ధాన్యం ఉన్నా ఉత్తరాన ఉన్న రాజధానికి చేరేది కాదు. ప్రభుత్వం నోట్లు అచ్చేసింది, ధరలు చుక్కలనంటాయి.

1915లో నికోలస్ తీసుకున్న నిర్ణయం ఆయన తప్పులన్నిటిలోకీ పెద్దది. మంత్రులు వద్దన్నా వినకుండా తానే సర్వసేనాని అయి మొగిలేవ్‌లోని సైనిక కార్యాలయానికి వెళ్లిపోయాడు. దాంతో ఆపైన జరిగే ప్రతి ఓటమీ నేరుగా ఆయన ఖాతాలో పడింది. రాజధానిలో పెత్తనం జర్మనీలో పుట్టిన రాణి అలెగ్జాండ్రాకు, ఆమె నమ్మిన రాస్‌పుటిన్‌కు దక్కింది. యువరాజుకు గాయమైతే రక్తం గడ్డకట్టని జబ్బు ఉండేది. దాన్ని తగ్గించగలడన్న నమ్మకమే ఆ సైబీరియా సాధువును అంతఃపురం దాకా తెచ్చింది. 1916 మొదలు ఏడాది తిరగకముందే నలుగురు ప్రధానమంత్రులు మారారు. ఆ నవంబర్‌లో ఉదారవాద నాయకుడు మిల్యుకోవ్ డ్యూమాలో ప్రభుత్వ తప్పులను ఒక్కొక్కటీ ఎత్తిచూపుతూ, ఇది తెలివితక్కువతనమా, ద్రోహమా అని అడిగాడు. డిసెంబర్‌లో రాస్‌పుటిన్‌ను చంపింది విప్లవకారులు కాదు, రాజకుటుంబీకులూ ప్రభువులే. అంటే సొంత వర్గం కూడా అప్పటికే జార్‌కు దూరమైంది.

విప్లవ క్రమం

1917 చలికాలం చాలా తీవ్రంగా ఉంది. పెట్రోగ్రాడ్‌లో ఆడవాళ్లు పొద్దంతా ఫ్యాక్టరీలో పనిచేసి, గంటల తరబడి రొట్టెల దుకాణం ముందు క్యూలో నిలబడేవారు. ఫిబ్రవరి 22న పుతిలోవ్ ఫ్యాక్టరీ యాజమాన్యం లాకౌట్ ప్రకటించి వేల మంది కార్మికులను బయటికి పంపింది. అదే రోజు జార్ రాజధాని వదిలి మొగిలేవ్‌కు బయల్దేరాడు.

ఫిబ్రవరి 23 (మార్చి 8) అంతర్జాతీయ మహిళా దినోత్సవం. వైబోర్గ్ ప్రాంతంలోని బట్టల మిల్లుల స్త్రీలు పని ఆపేసి వీధిలోకి వచ్చారు. పక్క ఫ్యాక్టరీల కిటికీల కింద నిలబడి మగ కార్మికులను కూడా బయటికి రమ్మని పిలిచారు. సమ్మె వద్దని పార్టీల స్థానిక నాయకులే చెప్పినా వాళ్లు ఆగలేదు. మొదట వినిపించిన నినాదం ‘రొట్టె కావాలి’. మర్నాడు సమ్మెలో ఉన్నవారు సుమారు రెండు లక్షలయ్యారు. పోలీసులు వంతెనలు మూసేస్తే, జనం గడ్డకట్టిన నేవా నది మీదుగా నడిచి నగరం నడిబొడ్డుకు చేరారు. 25 నాటికి సమ్మె నగరమంతా పాకింది. ‘నిరంకుశత్వం నశించాలి’ అన్న నినాదం అందుకుంది. ఎప్పుడూ జనాన్ని చెదరగొట్టే కొసాక్ గుర్రపు దళం ఈసారి చూస్తూ ఊరుకుంది.

అల్లర్లు రేపటికల్లా ఆపేయాలని జార్ 25 రాత్రి దండనాయకుడు ఖబలోవ్‌కు టెలిగ్రాం పంపాడు. 26 ఆదివారం సైనికులు కాల్పులు జరిపారు. నెవ్‌స్కీ వీధిలో, జ్నామెన్‌స్కయా కూడలిలో ఎందరో చనిపోయారు. బయటికి చూస్తే ఆ సాయంత్రం ప్రభుత్వమే గెలిచినట్టు ఉంది. అసలు మలుపు ఆ రాత్రి బ్యారక్‌ల్లో జరిగింది. కాల్పులు జరిపిన వొలీన్‌స్కీ దళం సైనికులు, ఎక్కువగా కొత్తగా చేరిన రైతు కుర్రాళ్లు, ఇకమీదట జనం మీద తుపాకీ ఎత్తేది లేదని నిర్ణయించుకున్నారు. 27 ఉదయం తమ అధికారిని కాల్చిచంపి పక్క దళాల బ్యారక్‌లకు వెళ్లారు. చీకటి పడేసరికి నగరంలోని సైన్యంలో చాలా భాగం జనం వైపు వచ్చేసింది. ఆయుధాగారం జనం చేతికి వచ్చింది, జైళ్ల తలుపులు తెరుచుకున్నాయి. 1905లోనూ సమ్మెలు, కాల్పులు జరిగాయి, కానీ అప్పుడు సైన్యం మొత్తమ్మీద జార్ వెంటే నిలిచింది. రెండింటికీ తేడా ఇక్కడే ఉంది.

అదే రోజు తౌరీడ్ ప్యాలెస్‌లో రెండు అధికార కేంద్రాలు పుట్టాయి. ఒక భాగంలో డ్యూమా సభ్యుల తాత్కాలిక కమిటీ, మరో భాగంలో కార్మికుల, సైనికుల ప్రతినిధులతో పెట్రోగ్రాడ్ సోవియట్. మార్చి 1న సోవియట్ ‘మొదటి ఆజ్ఞ’ జారీచేసి, సైనికులు తమలోంచే కమిటీలు ఎన్నుకోవాలనీ, ఆయుధాలు వాటి అదుపులోనే ఉండాలనీ చెప్పింది.

జార్ రాజధానికి తిరిగి బయల్దేరాడు గానీ, దారి తిరుగుబాటుదారుల చేతిలో ఉందని రైలును మళ్లించాల్సివచ్చింది. చివరికి ప్స్కోవ్ చేరాడు. అక్కడ జనరల్ అలెక్సేయెవ్ ద్వారా యుద్ధరంగంలోని సేనానుల అభిప్రాయాలు టెలిగ్రాంలలో వచ్చాయి. దిగిపోవడమే మేలని వాళ్లు చెప్పారు. డ్యూమా మాట ఎన్నడూ చెవినపెట్టని మనిషి సేనానుల మాట కాదనలేకపోయాడు. మార్చి 2 (మార్చి 15) రాత్రి, డ్యూమా తరఫున వచ్చిన గుచ్‌కోవ్, షుల్గిన్‌ల ఎదుట పదవీత్యాగ పత్రం ఇచ్చాడు. మొదట కొడుక్కి ఇద్దామనుకున్నా, జబ్బు పిల్లాణ్ణి వదిలి ఉండలేనని తమ్ముడు మైఖేల్ పేరు రాశాడు. మైఖేల్ మర్నాడే, రాజ్యాంగ సభ కోరితే తప్ప సింహాసనం ఎక్కనన్నాడు. దాంతో రొమనోవ్‌ల పాలన ముగిసింది.

ప్రిన్స్ ల్వోవ్ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. మిల్యుకోవ్ విదేశాంగ మంత్రి, కెరెన్‌స్కీ న్యాయ మంత్రి అయ్యారు. అయితే పేరుకు ప్రభుత్వం వీళ్లది, సైనికులు, రైల్వేలు వినేది సోవియట్ మాట. ఈ స్థితినే ‘ద్వంద్వాధికారం’ అంటారు. ప్రభుత్వం యుద్ధాన్ని ఆపలేదు, భూమి పంపకాన్ని రాజ్యాంగ సభకు వదిలేసింది. ఏప్రిల్‌లో తిరిగొచ్చిన లెనిన్ సరిగ్గా ఆ రెండింటినీ, శాంతినీ భూమినీ, పట్టుకున్నాడు. అక్టోబర్ 25 (నవంబర్ 7)న బోల్షివిక్‌లు తాత్కాలిక ప్రభుత్వాన్ని కూలదోసి అధికారం చేజిక్కించుకున్నారు.