సాఫ్ట్‌వేర్ సేవల ఒప్పందం: నీ రివ్యూ డ్రాఫ్ట్‌కి మార్కులు, వాటి కారణాలు

మొత్తం 100కి 53. రిస్కులు పట్టుకోవడంలో 40కి 17, క్లాజుల మీద నీ వాదనకి 35కి 23, సారాంశం స్పష్టతకి 25కి 13. ఇలా క్లయింటుకి పంపలేం, కానీ మొదటి నుంచి రాయాల్సినంత పనీ లేదు. ఒప్పందం పక్కన తెరిచి పెట్టుకుని ఇది చదువు.

రిస్కుల్లో ఎక్కువ మార్కులు పోయింది 11.2 దగ్గర. లయబిలిటీ క్యాప్ "గత 12 నెలల్లో చెల్లించిన ఫీజు" అని ఉంటే, మామూలుగా ఉండేదే అని ఒక్క లైను రాసి వదిలేశావు. షెడ్యూలు 2 చూడు, ఫీజు మూడు నెలలకోసారి, అదీ ఆ మూడు నెలలు పూర్తయ్యాక కట్టాలి. రెండో నెలలో క్లయింటు డేటా లీకైందనుకో, అప్పటికి కట్టిన ఫీజు సున్నా, అంటే క్యాప్ కూడా సున్నా అని వెండర్ వాదిస్తాడు. "చెల్లించిన లేదా చెల్లించాల్సిన" అని మార్చినా ఆ రెండు నెలల ఫీజు దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి కనీస మొత్తం ఒకటి అంకెల్లో పెట్టించాలి. పైగా ఆ క్యాప్‌కి మినహాయింపులే లేవు. డేటా లీక్, గోప్యత ఉల్లంఘన, 10.1లోని ఇండెమ్నిటీ అన్నీ దాని కిందకే వస్తాయి. 10.1ని "క్లయింటుకి మంచి రక్షణ" అన్నావు, 11.2తో కలిపి చదివితే ఆ రక్షణలో మిగిలేది చాలా తక్కువ.

ఇలాంటిదే ఇంకొకటి. మౌలిక ఉల్లంఘన జరిగితే 14.1 కింద రద్దు చేసుకోవచ్చని ధైర్యంగా రాశావు. షెడ్యూలు 3 చివర్లో, సేవ ఆగిపోతే సర్వీస్ క్రెడిట్లే ఏకైక పరిహారం అని ఉంది, అవి కూడా నెల ఫీజులో 10 శాతం దాటవు. వైరుధ్యం వస్తే షెడ్యూలుదే పైచేయి అని 18.4 చెప్తోంది. అంటే సేవ పదే పదే పడిపోయినా క్లయింటు రద్దు చేయగలడా అన్నదే అనుమానం. షెడ్యూళ్ల మీద నీ డ్రాఫ్ట్‌లో ఒక్క కామెంటు కూడా లేదు, ఈ ఒప్పందంలో అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. 3.2లో 90 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో 3 ఏళ్లు రెన్యూ అవుతుందని పట్టుకున్నావు, బాగుంది, కానీ ఆ రెన్యూవల్‌లో ధర ఎంతైనా పెంచుకోవచ్చని షెడ్యూలు 2లో ఉన్నది చూడలేదు. 14.6 కింద 30 రోజుల్లో డేటా చెరిపేస్తారు, దానికి ముందు ఏ ఫార్మాట్‌లో తిరిగి ఇస్తారో ఎక్కడా లేదు. ఇది చేర్చు.

వాదన విషయానికొస్తే, 2.3 మీద నువ్వు రాసింది నాకు చాలా నచ్చింది. వెండర్ తన వెబ్‌సైట్‌లోని వినియోగ విధానాన్ని మార్చితే అది ఒప్పందంలో దానంతటదే చేరిపోతుందని గమనించి, దాని వల్ల క్లయింటుకి ఏం జరగొచ్చో చెప్పి, సంతకం నాటి ప్రతిని జతచేయాలనీ, నష్టం చేసే మార్పు వస్తే బయటకు వచ్చే హక్కు కావాలనీ అడిగావు. క్లాజు, దాని ఫలితం, మనం కోరే మార్పు, మూడూ ఉన్నాయి. మిగతా కామెంట్లన్నీ ఈ స్థాయిలో ఉంటే ఈ భాగంలో 30 దాటేది.

కానీ 10.1 దగ్గర "ఏకపక్షంగా ఉంది, పరస్పరం చేయాలి" అన్నావు. అది ఏకపక్షమే, మన పక్షమే! మూడో వ్యక్తి మేధోసంపత్తి దావా వేస్తే వెండర్ భరిస్తానంటున్నాడు, దాన్ని పరస్పరం చేయమంటే ఇప్పుడు లేని బాధ్యతని మన క్లయింటు నెత్తిన పెట్టినట్టే. ఈ కామెంటు తీసేయి. ఏ క్లాజు చూసినా ఇది ఎవరి డబ్బుని, ఎవరి హక్కుని కాపాడుతోంది అని ముందు అడుగు, సమతూకం సంగతి తర్వాత.

సారాంశం నాలుగు పేజీలుంది, మొదటి పేజీ అంతా ఒప్పందంలో ఏముందో మళ్లీ చెప్పడమే. క్లయింటు మేనేజరుకి కావాల్సింది సంతకం పెట్టొచ్చా లేదా, పెట్టాలంటే ఏం మారాలి అన్నది, అది మూడో పేజీలో గానీ రాలేదు. 22 కామెంట్లలో 17కి "హై రిస్క్" అని పెట్టావు, వాటిలో నోటీసు చిరునామా కూడా ఉంది. అలా పెడితే దేని కోసం గట్టిగా పట్టుబట్టాలో వాళ్లకి తెలియదు. భాష మాత్రం శుభ్రంగా ఉంది, వాక్యాలు చిన్నవి, అందుకే 13 అయినా వచ్చాయి.

మొదటి పేరా ఇలా రాయి: "ఉన్నది ఉన్నట్టుగా సంతకం చేయొద్దని మా సలహా. మూడు మార్పులు తప్పనిసరి: డేటా లీక్‌కీ, 10.1 ఇండెమ్నిటీకీ క్యాప్ నుంచి మినహాయింపుతో పాటు క్యాప్‌కి కనీస మొత్తం, సేవ పదే పదే ఆగితే రద్దు హక్కు, రెన్యూవల్ ధరకి పరిమితి. మిగతావి బేరంలో వదులుకోవచ్చు." ఆ తర్వాత రెండు పేజీలు చాలు.

సవరించిన డ్రాఫ్ట్ గురువారం సాయంత్రానికి పంపు. 11.2 క్లాజుని కొత్తగా నువ్వే రాసి తీసుకురా, మినహాయింపుల జాబితా కలిసి చూద్దాం.