ఫీడర్ బస్సు సర్వే: హాల్లో అడగలేకపోయిన ప్రశ్నలు

నమస్కారం. ఆదివారం మియాపూర్‌లో మా కాలనీ హాల్లో మీరు సర్వే చూపించినప్పుడు వెనక వరుసలో ఉన్నాను. ప్రశ్నల టైమ్‌కి టీ, సమోసాలు వచ్చేశాయి, మైక్ నా దాకా రాలేదు. అందుకే రాస్తున్నాను. అంకెలన్నీ ఫోన్లో తీసుకున్న మీ స్లైడ్లవే.

ముందు 4వ స్లైడ్. మెట్రో స్టేషన్‌కి ఫీడర్ బస్సు కావాలన్నవాళ్ళు 400 మందిలో 212, అంటే 53 శాతం. కింద చిన్న అక్షరాల్లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 48.1 నుంచి 57.9. లెక్క నేనూ వేశాను, సరిపోయింది:

```
1.96 × √(0.53 × 0.47 / 400) = 0.049
```

మరి పైన ఎర్ర అక్షరాల్లో "మెజారిటీ తేలిపోయింది" అని ఎలా పెట్టారు? 50 ఆ హద్దుల్లోనే ఉంది కదా. "అసలు శాతం ఈ రెంటి మధ్య ఉండే అవకాశం 95 శాతం" అని కూడా అన్నారు. ఆ 95 పద్ధతికా, ఈ ఒక్క జతకా? ఇలాగే వంద సర్వేలు చేస్తే వంద జతల హద్దులు వస్తాయి, వాటిలో సుమారు 95 అసలు శాతాన్ని పట్టుకుంటాయి. మన చేతిలో ఉన్నది పట్టుకుందో లేదో మనకు తెలియదు. నేను చదివింది ఇదే, మీరు వేరే అర్థంలో అంటే చెప్పండి.

7వ స్లైడ్ దగ్గర మాత్రం మీ తరఫున వాదిస్తాను. ఆడవాళ్ళు 200 మందిలో 116, మగవాళ్ళు 200 మందిలో 96. హద్దులు 51.2–64.8, 41.1–54.9. ముందు వరుసలోని పెద్దాయన "రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తేడా లేనట్టే" అనగానే మీరు ఒప్పేసుకున్నారు. ఎందుకు? చూడాల్సింది తేడాకి వేసిన ఇంటర్వెల్. 10 పాయింట్ల తేడాకి అది సుమారు 0.3 నుంచి 19.7, సున్నా బయటే ఉంది. పి విలువ, అంటే అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనబడే అవకాశం, 0.045.

ఇంతా చెప్పి నా మాట నేనే కొట్టేసుకోవాలి. వయసు, అద్దె, బండి ఉందా లేదా... మొత్తం 12 రకాలుగా పోల్చారు. ఏ తేడా లేకపోయినా, ఆ పోలికలు వేటికవే అనుకుంటే, ఒక్క పి విలువైనా మామూలుగా హద్దుగా పెట్టుకునే 0.05 కిందకి దిగే అవకాశం 46 శాతం. ఆడ–మగ పోలిక ముందే అనుకున్నదా, పన్నెండూ చూశాక దొరికిందా?

చివరిది ఏ ఫార్ములాలోనూ లేనిది. నన్ను సాయంత్రం స్టేషన్ మెట్ల దగ్గర, కూరల సంచితో ఉండగా అడిగారు. అందరినీ అక్కడే అడిగారా? ఎదురింటావిడ ఇంట్లోనే పని చేస్తారు, ఆవిడని ఎవరూ అడగలేదు. మెట్రో ఎక్కేవాళ్ళని 400 కాదు, 4,000 మందిని అడిగినా ఇంటర్వెల్ సన్నబడుతుంది గానీ ఆవిడ లెక్కలోకి రారు.

వచ్చే ఆదివారం కమిటీ చందా మొత్తం ఖాయం చేస్తుందట. ఆలోపు 4వ స్లైడ్ హెడింగ్ మార్చి పంపగలరా?