ఇల్లు ఖాళీ చేయడానికి నోటీసు: మున్నేకొళ్ళాల, రెండో అంతస్తు

బెంగళూరు,
28 సెప్టెంబర్ 2025

మదనపల్లె రెడ్డెప్ప గారికి,

నమస్కారం అంకుల్. మున్నేకొళ్ళాలలోని మీ ఇంటి రెండో అంతస్తు పోర్షన్‌ను 2025 నవంబర్ 30, ఆదివారం నాటికి ఖాళీ చేస్తున్నాం. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీకి మారింది. ఇక్కడినుంచి రోజూ వెళ్లి రావడం కుదరడం లేదు.

ఇప్పుడు నడుస్తున్న 11 నెలల అగ్రిమెంటు 2026 ఫిబ్రవరి 28 దాకా ఉంది. మధ్యలో ఖాళీ చేయాలంటే ఎవరైనా రెండు నెలల ముందు రాసి చెప్పాలన్నది 7వ క్లాజు. అందుకే అక్టోబరు మొదలవకముందే ఈ ఉత్తరం పంపుతున్నాను. ఒక కాపీ స్పీడ్ పోస్టులో వస్తుంది, ఇదే వాట్సాప్‌లోనూ పెడుతున్నాను. చేరిందని ఒక్క మాట రాయండి చాలు.

అక్టోబరు, నవంబరు అద్దెలు 24,000 చొప్పున ఎప్పటిలాగే 5వ తేదీలోపు వేస్తాం. అడ్వాన్సులో సర్దుకోమని అడగం. 30 దాటి ఉండాల్సి వస్తే రోజుకు 800 లెక్కన ఇస్తాం, కానీ ఆ అవసరం రాదు. టులెట్ బోర్డు మీరు నవంబరు 1 నుంచి పెట్టుకోవచ్చు. చూడ్డానికి వచ్చేవాళ్లను సాయంత్రం 6 నుంచి 8 మధ్య పంపండి, ముందురోజు ఫోన్ చేస్తే ఇంట్లో ఉంటాం.

ఇల్లు రెండుసార్లు చూసుకుందాం. మొదటిసారి నవంబరు 16, ఆదివారం ఉదయం 10 గంటలకు, సామాను ఇంట్లో ఉండగానే. మేం బాగు చేయించాల్సినవి అప్పుడే చెబితే మిగిలిన రెండు వారాల్లో మనిషిని పిలిపించి చేయిస్తాం. చివరి రోజు బయటపడితే చేయించే వ్యవధి ఉండదు, అంచనాకు కోసుకోవడమే మిగులుతుంది. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. రెండోసారి 30న ఉదయం 10కి, ఖాళీ ఇంట్లో. 2023 జూన్ 1న చేరినప్పుడు తీసిన ఫొటోలు నా దగ్గరున్నాయి, పక్కన పెట్టుకుని చూద్దాం.

మేం పెట్టించినవి బెడ్‌రూం ఏసీ, హాల్లో ఇన్వర్టర్, వంటింట్లో వాటర్ ఫిల్టర్. మూడూ తీసుకెళ్తాం. ఏసీ పైపుకు కొట్టిన రెండంగుళాల రంధ్రం సిమెంటుతో పూడ్పిస్తాం, ఇన్వర్టర్ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేత పాత కనెక్షన్‌కు మార్పిస్తాం, ఫిల్టర్ కుళాయి లైనుకు ఎండ్ క్యాప్ బిగిస్తాం. మీ గీజరు, చిమ్నీ, నాలుగు ఫ్యాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ఆన్ చేసి చూపిస్తాను.

ఒకటి ముందే చెప్పాలి. చిన్న బెడ్‌రూంలో కిటికీకి కుడిపక్క గోడ ఉబ్బి, సున్నం పొరలుగా రాలుతోంది. పై బాత్రూం నుంచి దిగే చెమ్మ అది. 2024 జులైలోనే మీకు ఫొటోలు పంపాను, ప్లంబర్ వచ్చి చూసి పైపు జాయింటు అని మీకే చెప్పాడు. అది మా ఖాతాలో పడకూడదు. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా చెబుతుంది.

తాళాలు: మెయిన్ డోర్‌కు మూడు (మీరిచ్చినవి రెండు, మేం చేయించుకున్నది ఒకటి), బెడ్‌రూంలకు రెండు, గ్రిల్‌కు ఒకటి, మేడకు ఒకటి. మొత్తం ఏడు. 30న మీ చేతికే ఇస్తాను. మీరు రాలేకపోతే ఎవరికివ్వాలో వాట్సాప్‌లో రాయండి, వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లను. ఎన్ని తాళాలు అందాయో ఒక కాగితంమీద ఇద్దరం సంతకం పెడదాం. ఆ రోజు నుంచి ఇల్లు మీ స్వాధీనమని అందులోనే రాద్దాం.

అడ్వాన్సు 1,20,000. రంగులకు 9వ క్లాజు ప్రకారం ఒక నెల అద్దె 24,000 పోతుంది, ఒప్పుకున్నదే. రంగులకని కోశాక గోడల మరకలకు, మేకుల రంధ్రాలకు మళ్లీ విడిగా పట్టడం న్యాయం కాదు. మిగిలింది 96,000. 30న కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుందాం. నవంబరు వాడకం బెస్కాం బిల్లు డిసెంబరులో వస్తుంది కాబట్టి 1,500 మీ దగ్గరే ఉంచండి, బిల్లు పోను మిగిలింది వెయ్యండి. తాళాలిచ్చిన రోజే అడ్వాన్సు తిరిగివ్వాలని 11వ క్లాజులో ఉంది. కాబట్టి 94,500 ఆ రోజే, అద్దె వేసే నా అకౌంటుకే పంపండి. ఇంకేమైనా కోయాలనుకుంటే 16నే చెప్పండి, బిల్లు చూపిస్తే మాట్లాడుకుందాం.

గృహజ్యోతి మా ఆధార్‌తో లింకై ఉంది. వెళ్లేముందు సేవా సింధులో డీలింక్ చేస్తాను. లేకపోతే కొత్తగా వచ్చేవాళ్లు ఈ మీటరుకు దరఖాస్తు పెట్టుకోలేరు.

16న వచ్చేది లేనిదీ అక్టోబరు 31లోపు చెప్పండి. ఆంటీ గారికి నమస్కారాలు.

ఇట్లు,
మాధవి
రెండో అంతస్తు, మున్నేకొళ్ళాల