మిర్చి చర్చకు తేదీ: జూన్ 27, జూలై 4, 11, 12లో మీకు ఏది వీలు?

గుంటూరు, 20 మే 2026, బుధవారం

వక్తలకు, ఆహ్వానితులకు నమస్కారం.

"ఈసారి మిర్చి ఎంత వేయాలి, ఏ రకం వేయాలి" అన్న చర్చకు వస్తామని మీరంతా మాట ఇచ్చారు. చాలా సంతోషం. ఇక తేలాల్సింది తేదీ ఒక్కటే. విడివిడిగా ఫోన్లు చేసి అడిగితే ఒకరికి కుదిరిన రోజు ఇంకొకరికి కుదరడం లేదు. అందుకని నాలుగు తేదీలు ఒకేసారి అందరి ముందూ పెడుతున్నాను. మే 30 శనివారం సాయంత్రంలోగా మీ జవాబు పంపండి.

1. జూన్ 27, శనివారం
2. జూలై 4, శనివారం
3. జూలై 11, శనివారం
4. జూలై 12, ఆదివారం

ఏ రోజైనా సమయం ఒక్కటే. ఉదయం పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు ముగిస్తాం, తర్వాత భోజనం. సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున బస్సెక్కి, చీకటి పడకముందే ఇంటికి చేరాలన్నది మా లెక్క. హాలు అరండల్‌పేటలో, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే చూశాం.

అన్నీ శని, ఆదివారాలే ఎందుకంటే ఆ రెండు రోజులూ మిర్చి యార్డుకు సెలవు. కమిషన్ వ్యాపారి గారిని వేలం ఉన్న రోజున రమ్మనడం న్యాయం కాదు. ఒకవేళ వచ్చినా ఆయన ధ్యాసంతా టిక్కీల మీదే ఉంటుంది. జూన్ మధ్యలో పెట్టొచ్చు కదా అని కొందరు అడిగారు. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచిన కొత్తలో కోల్డ్ స్టోరేజీల సరుకు ఒక్కసారిగా దిగుతుంది. ఆ వారాల్లో కోల్డ్ స్టోరేజీ మేనేజర్ గారికి ఊపిరి సలపదు, అందుకే వదిలేశాం.

జూలై 12 దాటితే మాత్రం ఈ చర్చ పెట్టి ప్రయోజనం లేదు. జూలైలోనే నారుమళ్ల పని మొదలవుతుంది. ఒకసారి విత్తనం ప్యాకెట్ చింపాక రైతు చేతిలో ఏమీ ఉండదు, ఆ తర్వాత మనమిచ్చే సలహా వచ్చే ఏడాదికే. 2021లో నల్ల తామర పురుగు పూతను ఎలా పీల్చేసిందో, కొందరు చేలు దున్నేయాల్సి రావడం ఎంత బాధగా ఉండిందో మీలో చాలామంది కళ్లారా చూశారు. ఆ తర్వాత ధర పెరిగితే అందరూ మిర్చి మీదకే వచ్చారు. మళ్లీ ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఎకరాకు పెట్టుబడి లక్షల్లో ఉండే పంట ఇది. విత్తనం కొనకముందే శాస్త్రవేత్త, వ్యాపారి, బ్యాంకు అధికారి, రైతు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలన్నదే మా తపన. అందుకే జూలై 25 శనివారం అనుకుని కూడా తీసేశాం. అది తొలి ఏకాదశి కూడా, ఆ రోజు ఊళ్లలో ఇంటి పట్టున ఉండాలనుకునేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు ఒక్కో తేదీకి ఉన్న చిక్కు చెబుతాను. జూన్ 27 నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవే. కానీ జూన్ నెలాఖరు లెక్కలు మీద ఉంటాయి కనుక బ్యాంకు అధికారి గారు ఆలోచించుకుని చెప్పండి. నెలవంకను బట్టి మొహర్రం ఆ ముందు రోజు రావచ్చు. పీర్ల పండుగ బాగా జరుపుకునే ఊళ్లవాళ్లు మరుసటి రోజు పొద్దున్నే బయల్దేరగలరో లేదో మొహమాటం లేకుండా చెప్పండి. జూలై 4న బ్యాంకు పనిచేస్తుంది, సెలవు పెట్టాల్సి వస్తుంది. జూలై 11 రెండో శనివారం, ఆ ఇబ్బంది లేదు. 12వ తేదీ ఆదివారం. లాం నుంచి వచ్చే శాస్త్రవేత్త మేడం గారు ఆదివారాలు కుటుంబానికని ముందే చెప్పారు, అయినా అడగడం మా ధర్మం.

పెళ్లిళ్ల సంగతి కూడా చూసుకోండి. అధిక జ్యేష్ఠం జూన్ 15తో అయిపోతుంది. అక్కడి నుంచి ఆషాఢం వచ్చేదాకా ముహూర్తాలు దగ్గర దగ్గరగా పడతాయి. నాలుగు తేదీలూ ఆ రోజుల్లోనే ఉన్నాయి. చుట్టాల ఇళ్లలో శుభలేఖలు ఇంకా పంచకపోయినా, ఇంట్లో ఆడవాళ్లను అడిగితే ఏ రోజు ఎవరి పెళ్లో తెలిసిపోతుంది. వాళ్లను ఒక మాట అడిగాకే జవాబు పంపండి.

జవాబు చాలా చిన్నది. తేదీ నంబరు పక్కన "వస్తాను", "సర్దుకుంటే రాగలను", "రాలేను" అన్న మూడింట్లో ఒకటి రాసి, ఈ మెసేజ్‌కే తిరిగి పంపండి. ఉదాహరణకు: "1 రాలేను, 2 వస్తాను, 3 వస్తాను, 4 సర్దుకుంటే రాగలను". నాలుగింటికీ రాయండి. నచ్చిన ఒక్క తేదీ రాసి ఊరుకుంటే మిగతావాటి గురించి మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తుంది. "సర్దుకుంటే" అన్నప్పుడు కారణం ఒక ముక్క రాస్తే మేలు. సమయం మార్చితే సరిపోతుందా, కారు పంపితే సరిపోతుందా అన్నది మాకు తెలుస్తుంది.

ఎలా తేలుస్తామో కూడా ముందే చెప్పడం మంచిది. ఎక్కువమంది ఏ తేదీ అంటే ఆ తేదీ అని కాదు. మిర్చి వేసే ఇద్దరు రైతు వక్తలు, లాం శాస్త్రవేత్త మేడం గారు, ఈ ముగ్గురిలో ఎవరు "రాలేను" అన్నా ఆ తేదీ తీసేస్తాం. వాళ్లు లేకుండా ఈ చర్చే లేదు. మిగిలిన తేదీల్లో వక్తలు ఎక్కువమంది వచ్చేది చూస్తాం. అక్కడా సమానమైతే ఆహ్వానితుల మాట చెల్లుతుంది. అప్పటికీ తేలకపోతే ముందు వచ్చే తేదీనే ఖాయం చేస్తాం, రైతుకు ఆలోచించుకోవడానికి ఇంకొంత సమయం దొరుకుతుంది.

ప్రత్తిపాడు దగ్గర నుంచి వచ్చే కౌలు రైతు అక్కకు ఒక మాట. గేదెల పాలు పిండి, పిల్లలకు వండిపెట్టి బయల్దేరాలంటే పదింటికి చేరలేనని మీరన్నారు. మీ వంతు పదకొండున్నరకు పెడతాం, కంగారు పడొద్దు. రైతు వక్తలిద్దరికీ దారి ఖర్చులతో పాటు ఒక రోజు కూలి కూడా ఇస్తాం. పని మానుకుని వచ్చేవాళ్ల దగ్గర ఉచితంగా మాట తీసుకోవడం మాకు ఇష్టం లేదు. మిగతా వక్తలకు ప్రయాణ ఖర్చులు ఇస్తాం.

ఖమ్మం నుంచి వచ్చే వ్యాపారి గారు ముందు రోజు రాత్రే దిగుతానంటే బస ఏర్పాటు చేస్తాం. జవాబులో "రాత్రి బస" అని రాస్తే చాలు. ఎవరైనా ఏ తేదీకీ రాలేకపోతే వీడియోలో మాట్లాడొచ్చు. కానీ విత్తనం బిల్లు, తెగులు సోకిన ఆకు చేతిలో పట్టుకుని అడిగే రైతుకు ఎదురుగా మనిషి ఉంటే ఆ ధైర్యమే వేరు. వీలైనంతవరకు రండి.

హాలువాళ్లు నాలుగు తేదీలూ జూన్ 1 వరకే మన కోసం ఆపుతామన్నారు, పెళ్లిళ్ల వాళ్లు అడుగుతున్నారట. కాబట్టి మే 30 గడువు పొడిగించలేం. ఆ రోజుకు జవాబు రాని వక్తలకు 31 ఆదివారం ఉదయం ఫోన్ చేస్తాను. జవాబు రాని ఆహ్వానితులకు ఏ తేదీ అయినా సమ్మతమే అనుకుంటాం. జూన్ 2 మంగళవారం తేదీ, సమయం, హాలుకు దారి అందరికీ పంపుతాం. అప్పటిదాకా నాలుగు తేదీలూ వేరే ఎవరికీ మాట ఇవ్వకుండా ఖాళీగా ఉంచండి.

చర్చ నిర్వాహకుల తరఫున,
కన్వీనర్