నామినీ అంటే ఎవరు, ఎవరు కాదు: ఖాతాదారులకు మనవి

పర్లాకిమిడి శాఖ
తేదీ: 12-01-2026

మన శాఖలో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ ఇది ఒకసారి చదవండి. చదవడం రానివారికి ఇంట్లో పిల్లల చేత చదివించండి.

ఖాతాదారు చనిపోయాక ఖాతాలోని డబ్బును బ్యాంకు నుంచి తీసుకోవడానికి ఖాతాదారు ఎవరి పేరు రాసిపెడతారో ఆ మనిషే నామినీ. ఆయన తీసుకుంటే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అంతమాత్రాన ఆ డబ్బు ఆయన సొంతం కాదు. వారసుల తరఫున తీసుకుని, ఎవరి వాటా వారికి అందజేయాలి. ఈ విషయం తెలియకే అన్నదమ్ముల మధ్య, అత్తాకోడళ్ల మధ్య గొడవలవుతున్నాయి. చివరికి కౌంటరు దగ్గర ఏడుస్తూ నిలబడేవాళ్లను చూస్తుంటే మాకూ కష్టంగా ఉంటుంది.

ఉదాహరణకు, పెళ్లికి ముందు తమ్ముణ్ణి నామినీగా పెట్టిన ఒక హిందూ ఖాతాదారు 4 లక్షల డిపాజిట్ ఉంచి, వీలునామా రాయకుండా పోయారనుకుందాం. ఇంట్లో తల్లి, భార్య, కొడుకు, కూతురు ఉన్నారు. బ్యాంకు డబ్బు ఇచ్చేది తమ్ముడికే. కానీ 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ నలుగురికీ తలా లక్ష వస్తుంది, తమ్ముడికి వాటా లేదు. ఆయన ఇవ్వనంటే వారు సివిల్ కోర్టుకు వెళ్లాలి. మేము పంచిపెట్టలేము. కోర్టు ఆపమని ఉత్తర్వు ఇస్తే తప్ప నామినీకి చెల్లించకుండా ఆపలేము కూడా. అందుకే పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, నామినీ చనిపోయినా, పేరు మార్చుకోండి. ఎవరికి ఎంత చెందాలో మీకు ఒక ఉద్దేశం ఉంటే వీలునామా రాయండి. నామినీ పత్రం వీలునామా కాదు.

మీరు బతికి ఉండగా నామినీకి మీ ఖాతాలో ఏ హక్కూ లేదు. పాస్‌బుక్ పట్టుకొచ్చినా డబ్బు ఇవ్వం. జాయింటు ఖాతాలో అయితే ఖాతాదారులందరూ పోయాకే నామినీ వంతు.

1 నవంబరు 2025 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. నలుగురికీ ఒకేసారి వాటాలు రాయొచ్చు, మొత్తం నూటికి నూరు శాతం కావాలి. లేదా ఒకరు లేకపోతే మరొకరని వరుసగా రాయొచ్చు. లాకరుకు మాత్రం వరుస పద్ధతే. ఆ వాటాలు కూడా ఎవరు ఎంత తీసుకోవాలన్నదే చెబుతాయి, యాజమాన్యం ఇవ్వవు. మైనరు పేరు రాస్తే, వారి తరఫున తీసుకునే పెద్దవారి పేరు కూడా రాయాలి.

మన వైపు తరచూ వచ్చే చిక్కు పేరుది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా కాగితాల్లో అది చివరికి పోతుంది. నామినీ ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే రాయించండి. వైద్యానికి శ్రీకాకుళమో విశాఖపట్నమో తీసుకెళ్లినప్పుడు అక్కడే మరణిస్తే, అక్కడ ఇచ్చిన మరణ ధ్రువపత్రం మాకు చాలు. ఇక్కడ మళ్లీ తీయించనక్కర్లేదు.

నామినీ పేరు రాయడానికి, మార్చడానికి ఫీజు లేదు. పాస్‌బుక్, నామినీ ఆధార్ నకలు తెచ్చుకోండి. వేలిముద్ర వేసేవారు ఇద్దరు సాక్షులను వెంట తీసుకురండి. పాస్‌బుక్‌లో నామినీ నమోదైందో లేదో మీకు తెలియకపోతే కౌంటరు దగ్గర అడగండి, వెంటనే చూసి చెబుతాం.

శాఖ మేనేజరు