అయిదు వేళ్ల పాట

పిల్లలూ, పుస్తకాలు మూసి సంచిలో పెట్టండి. ఈ పాటకి పుస్తకం అక్కర్లేదు, ఎడమ చెయ్యి ఉంటే చాలు. అరచెయ్యి మీ వైపు తిప్పుకుని, కుడిచేతి వేలితో ఒక్కో వేలినీ తడుతూ పాడాలి. నాలుగు దెబ్బల తాళం: ఒకటి, రెండు, మూడు, నాలుగు. పల్లవి అందరూ పాడండి. చరణాలు మాత్రం కిటికీ వైపు వరుస ఒకటి, తలుపు వైపు వరుస ఒకటి. ఏడో తరగతి వాళ్లు తాళం తప్పకుండా చూసుకోండి.

మొత్తం పాటకి ఉదాహరణలు అయిదే, ఒక్కో భాషాభాగానికి ఒక్కటి. పది ఉదాహరణలు చెబితే పరీక్షలో పదీ కలిసిపోతాయి. ఈ అయిదూ మన నూజివీడు తోటలోంచే తెచ్చాను.

పల్లవి

అరచేతికి వేళ్లయిదే చూడు
భాషాభాగాలయిదే చూడు
ఒక్కో వేలూ తడుతూ పాడు
ఒక్కో మాటా గుర్తుకు తోడు

బొటనవేలు

సంతకమెరుగని తాతల నాడు
బొటనవేలిదే పేరుకు తోడు
మనిషో ఊరో చెట్టో పిట్టో
పేరని ఉంటే నామవాచకం
నూజివీడులో తోటకు వెళితే
*మామిడిపండూ* నామవాచకం

మీ ఇంట్లో పాత కాగితాలు ఉంటే అడిగి చూడండి. సంతకం చెయ్యడం రాని రోజుల్లో పేరు ఉండాల్సిన చోట నీలం సిరాతో వేలిముద్ర వేసేవారు. పేరుకి గుర్తు బొటనవేలు. ఇక ఈ వేలు మర్చిపోరు.

చూపుడువేలు

మామిడిపండును చూశానంటూ
మామిడిపండే కావాలంటూ
పేరే ఎందుకు పదిపదిసార్లు
వేలే చాపీ *'అది'* అను చాలు
పేరుకు బదులుగ పనిచేస్తుందీ
సర్వనామమని పేరొందిందీ

ఇక్కడ 'అది' అన్నప్పుడు గట్టిగా వేలు చాపాలి. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందు పండు పేరు చెప్పాకే 'అది' అనాలి. ఏ పండో చెప్పకుండా ఉత్తరంలో "అది పంపించు" అని రాస్తే మామయ్యకి ఏం తెలుస్తుంది? ఎదురుగా ఉన్నప్పుడు వేలు చూపిస్తుంది, కాగితం మీద ముందు రాసిన పేరు చూపిస్తుంది.

మధ్యవేలు

మధ్యవేలు మన చేతికి పొడుగు
ఏం జరిగిందో దానిని అడుగు
గాలీ వీచీ కొమ్మా ఊగీ
తొడిమే తెగితే ఏమయ్యిందీ
టప్పున నేలకు *రాలిందిరా*
పనిని తెలిపితే క్రియే అదిరా

'వీచీ, ఊగీ' దగ్గర ఆగి చూడండి, వాక్యం ఇంకా పూర్తి కాలేదు. "తర్వాత ఏమైంది?" అని మనసు అడుగుతూనే ఉంటుంది. వాటిని అసమాపక క్రియలంటారని వచ్చే నెల చెప్పుకుందాం. 'రాలింది' అనగానే ఊపిరి వదిలినట్టు ఉంటుంది చూశారా, అక్కడ వాక్యం ముగుస్తుంది.

ఉంగరపువేలు

ఉంగరమంటే వేలికి సొగసు
విశేషణంతో పేరుకు సొగసు
పులుపో తీపో ఎరుపో పచ్చో
గుణమే ఏదో చెప్పేస్తుంది
ఏ పండంటే *తియ్యని* పండు
నోరూరుతు లొట్టలు వేస్తుండు

మీ పుస్తకంలో విశేషణం మూడోది, క్రియ నాలుగోది. నేను కావాలనే మార్చాను. ఉంగరం పెట్టుకునే వేలికే అలంకారం రావాలి కదా! పరీక్షలో వరుసగా రాయమంటే పుస్తకంలో ఉన్నట్టే రాయండి. గుర్తు చేసుకోవడానికి మాత్రం ఉంగరం చాలు.

చిన్నరసం పండు తిన్నవాళ్లందరికీ 'తియ్యని' అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పండుని రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క వదిలేసి పీల్చడం మొదలుపెడతాం. మోచేతి దాకా కారిన రసం కూడా వదలం. ఆ రుచిని పేరు పక్కన నిలబెట్టే మాట విశేషణం.

చిటికెనవేలు

చిటికెనవేలే చిన్నది చూడు
ఎవరెటు లాగిన మారదు చూడు
అబ్బాయైనా అమ్మాయైనా
ఒకటే ఉన్నా వందే ఉన్నా
*'ఆహా'* ఎపుడూ ఆహాయేలే
మారని మాటే అవ్యయమేలే

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే. అందుకే కాసేపు ఆగుదాం. వ్యయం అంటే ఖర్చు. అవ్యయం అంటే ఖర్చు కానిది, తరగనిది, మారనిది. లింగం, వచనం, విభక్తి, ఈ మూడూ దాని జోలికి రావు. మన పాటలోని మాటల్నే లాగి చూద్దాం. మామిడిపండు, మామిడిపండ్లు, మామిడిపండుతో: మారింది. అది, అవి, దానికి: మారింది. రాలింది, రాలాయి: మారింది. ఇప్పుడు ఆహాని లాగండి. ఆహాలు? ఆహాకి? ఆహాతో? మీకే నవ్వొస్తోంది కదా! ఆ నవ్వొచ్చిందంటే అవ్యయం దొరికినట్టే.

నిన్న వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "టీచర్, తియ్యని పండు, తియ్యని పళ్లు... 'తియ్యని' కూడా మారలేదు కదా, అది అవ్యయం ఎందుకు కాదు?" చాలా మంచి ప్రశ్న. నేను వెంటనే జవాబు చెప్పలేదు, రాత్రి ఆలోచించాను. పక్కన పేరు తీసేసి చూడు తల్లీ. ఒక పండు చూపించి "తియ్యనిది" అంటావు, బుట్టెడు చూపించి "తియ్యనివి" అంటావు. పేరు పక్కన లేకపోతే దాని గుర్తుల్ని విశేషణమే మోస్తుంది. ఆహాకి ఆ బరువు లేదు, 'ఆహాది' అని ఎవరూ అనరు.

ఇంకొకటి. ఇంగ్లీష్ పీరియడ్‌లో ఎనిమిది అంటారు, ఇక్కడ అయిదు అంటున్నాం. టెన్షన్ పడకండి, రెండూ నిజమే. ఇంగ్లీషులో పేరుకి ముందు విడిగా వచ్చే చిన్న మాటలు చేసే పనిని మన దగ్గర 'తో, కి, లో' లాంటి విభక్తులు పేరుకి అతుక్కుని చేస్తాయి. 'ఇప్పుడు, అక్కడ, కానీ, అయ్యో' లాంటివన్నీ చిటికెనవేలి కిందికే వస్తాయి. ఆ భాషకి ఆ లెక్క, మన భాషకి ఈ లెక్క.

సరే, ఇక రెండు వరుసలూ కలవండి. వేళ్లన్నీ మూసి గుప్పిట పైకెత్తండి.

ముక్తాయింపు

గుప్పిట మూస్తే అయిదూ ఒకటి
అయిదూ చేరిన ముచ్చట ఒకటి
*ఆహా! తియ్యని మామిడిపండు!*
*అది రాలిందీ! అది రాలిందీ!*

చివరి రెండు లైన్లలో బయటి మాట ఒక్కటీ లేదు, మన అయిదే. రెండోసారి అరిచేటప్పుడు ఒక్కో మాటకి ఒక్కో వేలు తెరవాలి. ఆహాకి చిటికెనవేలు, తియ్యనికి ఉంగరపువేలు, మామిడిపండుకి బొటనవేలు, అదికి చూపుడువేలు, రాలిందికి మధ్యవేలు. మొదట్లో వేళ్లు తడబడతాయి, పర్వాలేదు. నాకూ నాలుగోసారికి గానీ కుదర్లేదు.

కిటికీ వరుస, సిద్ధమా? ఒకటి, రెండు, మూడు, నాలుగు...

అరచేతికి వేళ్లయిదే చూడు
భాషాభాగాలయిదే చూడు!